పేరు మారిస్తే ఎవరికైనా సరిపోయే అభినందన

‘మాది నెల్లూరు జిల్లాలో సముద్రం పక్క మండలం. 2019లో సచివాలయం పోస్టుల్లో ఎనర్జీ అసిస్టెంటుగా చేరాను. నాకు పని నేర్పిన లైన్‌మన్ అన్నకు మొన్న లైన్ ఇన్‌స్పెక్టరుగా ప్రమోషన్ వచ్చింది. గ్రూపులో అందరితో పాటు నేనూ “కంగ్రాచ్యులేషన్స్ అన్నా, మీరు మరెన్నో ఉన్నత శిఖరాలు అధిరోహించాలి” అని పూలబొకే బొమ్మతో పెట్టాను. ఆయన అందరికీ కలిపి ఒక దండం బొమ్మ పెట్టి ఊరుకున్నాడు. నా మనసులో మాట ఆయనకు చేరలేదనిపించింది. రాత్రిళ్లు చెరువుల ఫీడర్ మీద ఆయన వెంటే తిరిగాను. ఎల్‌సీ తిరిగి ఇచ్చే ముందు మా అందర్నీ పేరుపేరునా పిలిచి, పలికితే గానీ ఫోన్ తియ్యడు, అంత చాదస్తం మనిషి. పొగిడితే చిరాకు. ఏం రాయాలి? నాకు రాయడం రాదు.’
ఒక జూనియర్ లైన్‌మన్, నెల్లూరు జిల్లా

మీరు రాయాల్సిన మాట మీ ఉత్తరంలోనే ఉంది. ‘చాదస్తం’ అని మీరు పక్కన పడేసిన చోటే ఉంది. దాని దగ్గరికి తర్వాత వద్దాం. గ్రూపులో పెట్టింది ఎందుకు చేరలేదో ముందు తేల్చుకోవాలి. అది తెలియకపోతే రెండోసారి రాసేదీ అట్లాగే తయారవుతుంది.

ఆ మెసేజీలో ‘అన్నా’ తీసేసి ‘సార్’ పెట్టండి. మండలంలో తహసీల్దారుకు పంపొచ్చు, హెడ్మాస్టరుకు పంపొచ్చు, స్టాఫ్ నర్సుకూ పంపొచ్చు. ఇది మొదటి పరీక్ష, చాలామందికి తెలిసిందే. రెండో పరీక్ష ఎవరూ చేసుకోరు. పంపినవాళ్ల పేరు మార్చి చూడండి. మీ పేరు చెరిపేసి పక్క సెక్షన్‌లో ఆయన మొహం కూడా చూడని మనిషి పేరు పెట్టినా ఆ మెసేజీకి ఏ లోటూ రాదు. అందుకున్న మనిషీ పంపిన మనిషీ ఇద్దరూ లేకుండా నిలబడగలిగిన మాట అది. అందులో ఆయనా లేడు, మీరూ లేరు. ఆయన దండం బొమ్మ పెట్టింది అందుకే. గుంపుకు గుంపుగానే బదులిచ్చాడు, అందులో కోపమేమీ లేదు.

పెళ్లిలో చదివింపులు గుర్తు చేసుకోండి. పలానా వారు నూటపదహార్లు అని చదువుతారు, పుస్తకంలో రాసుకుంటారు. వచ్చామని తెలియడానికి అది చాలు, దాన్ని తప్పు పట్టేవాళ్లు ఎవరూ ఉండరు. గ్రూపులో కంగ్రాచ్యులేషన్స్ కూడా ఆ పుస్తకంలో మీ పేరు పడటం లాంటిదే. పడకపోతే ‘వాడు పెట్టలేదే’ అని గుర్తుంటుంది, పడితే గుర్తుండదు. కాబట్టి మీరు పెట్టింది వృథా అని కాదు, అది హాజరు మాత్రమే. చిక్కల్లా హాజరు వేసి, మనసులో మాట కూడా చెప్పేశామని అనుకోవడంతో వచ్చింది.

ఇంకో సంగతి ఉంది. ఆయన కూడా ఇన్నేళ్లలో ఎంతమందికో అదే పూలబొకే పంపి ఉంటాడు. అది పంపడానికి ఎంతసేపు పడుతుందో, పంపేటప్పుడు మనసులో ఏముంటుందో ఆయనకు బాగా తెలుసు. బొటనవేలు రెండుసార్లు కదిలితే అయిపోయే పని. అవతలి మనిషి మన మాటకు ఇచ్చే విలువ, దానికోసం మనం ఆగి ఆలోచించామా లేదా అన్నదాన్ని బట్టే ఉంటుంది.

ఇక ఆ ‘ఉన్నత శిఖరాలు’ గురించి ఒక మాట, కోపం తెచ్చుకోకండి. ఏళ్ల తరబడి తొమ్మిది మీటర్ల స్తంభాలు ఎక్కి దిగి, ఇప్పుడు ఎక్కే పని తగ్గి కాస్త ఊపిరి పీల్చుకోబోతున్న మనిషిని మళ్లీ శిఖరాలెక్కమనడం ఏం న్యాయం? నవ్వులాటకు అన్నా అందులో అసలు ఇబ్బంది వేరే ఉంది. మనలో దీవెన పెద్దవాళ్ల నుంచి చిన్నవాళ్లకు వస్తుంది. తాతో మేనమామో తలమీద చెయ్యి పెట్టి ‘ఇంకా పెద్దవాడివి కావాలిరా’ అంటే అది అతుకుతుంది. పని నేర్చుకున్నవాడు పని నేర్పినవాణ్ని దీవిస్తే మాట తిరగబడినట్టుంటుంది. చిన్నవాడు పెద్దవాడికి ఇవ్వగలిగింది సాక్ష్యం. ‘నువ్వు చేసింది నేను చూశాను’ అని చెప్పడం.

‘మీ ప్రతిభకు, కష్టానికి దక్కిన ఫలితం’ అని కూడా అందరూ రాస్తారు. మీ డిపార్టుమెంటు లాంటి చోట అది మరీ పేలవంగా వినపడుతుంది. సీనియారిటీ లిస్టు ప్రకారం, ఖాళీలను బట్టి వచ్చే ప్రమోషన్ అది. లిస్టులో తన నంబరు ఎంతో, తన ముందు ఎంతమంది ఉన్నారో, ఎవరు రిటైరయ్యాక తన వంతు వస్తుందో ఆయన వేళ్లమీద లెక్కపెట్టుకునే ఉంటాడు. ఆర్డరు ప్రతిభను చూసి ఇచ్చారని రాస్తే అది నిజం కాదని ఇద్దరికీ తెలుసు. ‘మీకు ఎప్పుడో రావాల్సింది’ అన్నది దానికి అన్నలాంటి మాట. ఈడువాళ్లు టీ బంకు దగ్గర అనుకుంటే సరే. పండగపూట జూనియరు అంటే మానుతున్న పుండును గిల్లినట్టే.

అందుకని మీ పొగడ్తను ప్రమోషన్‌కు కట్టకండి. ఆర్డరు రాకపోయినా నిజంగానే ఉండే సంగతి ఒకటి పట్టుకోండి. ప్రమోషన్ వచ్చిందన్నది ఆ సంగతి చెప్పడానికి దొరికిన సందర్భం, అంతవరకే దాని పని.

ఇప్పుడు మీ చాదస్తం దగ్గరికి వద్దాం. ఈ శీర్షిక చదివే మిగతావాళ్లకు ఎల్‌సీ అంటే తెలియదు కాబట్టి రెండు ముక్కలు చెప్పాలి. 11 కేవీ లైను మీద పని చేయాలంటే ముందు సబ్‌స్టేషన్‌లో ఆపరేటరును అడిగి లైన్ క్లియర్ తీసుకోవాలి. ఆపరేటరు ఆ ఫీడరు ఆపి, ఎవరికి, ఎన్ని గంటలకు ఎల్‌సీ ఇచ్చాడో పుస్తకంలో రాసుకుంటాడు. ఇక్కడ వీళ్లు లైనులో కరెంటు లేదని చూసుకుని, డిస్చార్జి చేసి, ఎర్తింగ్ కట్టి అప్పుడు ఎక్కుతారు. పనయ్యాక ఎర్తింగ్ విప్పి, మనుషులందరూ దిగారని, సామాను తీసేశామని చెప్పి ఎల్‌సీ తిరిగి ఇస్తారు. ఆ మాట నమ్మి అక్కడ ఆపరేటరు లైను ఛార్జి చేస్తాడు. సబ్‌స్టేషన్‌లో ఉన్నవాడికి స్తంభం కనపడదు. అతనికి ఉన్న ఆధారం ఫోన్‌లో వినపడే ఆ ఒక్క మాటే. ఒక మనిషి ఇంకా పైనే ఉండగా ఎల్‌సీ వాపసు ఇచ్చేశారంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

మీ పక్క చెరువుల ఫీడరంటే ఇంకో ఒత్తిడి ఉంటుంది. రొయ్యల చెరువులో నీళ్లలో ప్రాణవాయువు రాత్రి గడిచేకొద్దీ తగ్గుతూ, తెల్లవారే ముందు అన్నిటికంటే తక్కువకు వస్తుంది. ఏరేటర్లు తిరగాల్సింది ఆ సమయంలోనే. కరెంటు పోతే జనరేటరు ఉన్నవాడు డీజిలు పోస్తాడు, లేనివాడు, లేదా అది ఎత్తుకోనివాడు, గట్టు మీద నిలబడి లైన్‌మన్‌కు ఫోను మీద ఫోను చేస్తాడు. ఇంత డబ్బు నీళ్లలో ఉంది కాబట్టి వాళ్ల కంగారూ న్యాయమే. అలాంటి రాత్రి మూడు గంటలకు, జేబులో ఫోను మోగుతుండగా, చీకట్లో నిలబడి మనుషుల్ని ఒక్కొక్కర్నీ పేరు పెట్టి పిలవడం, పలికేదాకా ఆగడం, ఆ తర్వాతే సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేయడం. మీరు చాదస్తం అన్నది దీన్ని.

ఈ సంగతి ఎందుకు పనికొస్తుందో గమనించండి. ఇది మీరు కళ్లారా చూసింది, పైగా ఆ పిలిచిన పేర్లలో మీ పేరూ ఉంది. ఎవరూ మెచ్చుకోవాలని ఆయన చేసింది కాదు, ఏ రిజిస్టరులోనూ ఇది రాయరు. చిన్నది, ఒక వాక్యంలో పడుతుంది. అన్నిటికంటే ముఖ్యం, దానికి ఎదురుగా నిలబడ్డ ఒత్తిడి ఉంది. ‘జాగ్రత్తగల మనిషి’ అని ఊరికే అంటే గాలిమాట. ఫోన్లు మోగుతున్నా ఆగాడు అంటే ఆ జాగ్రత్తకు బరువు వస్తుంది. తీరిగ్గా ఉన్నప్పుడు ఎవరైనా జాగ్రత్తగానే ఉంటారు. అందుకని మంచి సంగతి దొరికాక, ‘అది చెయ్యకుండా ఉండటానికి ఆ పూట ఆయనకు ఏ కారణం ఉంది?’ అని ఒకసారి అడగండి. వానా, నిద్రా, పై అధికారి తొందరా, రైతు అరుపులా? అది కూడా నాలుగు మాటల్లో కలపండి.

ఇప్పుడు రాద్దాం. మామూలుగా గ్రూపు మెసేజీ తర్వాత రెండో ప్రయత్నం ఇలా వస్తుంది:

‘అన్నా, మీ దగ్గర చాలా నేర్చుకున్నాను. మీ క్రమశిక్షణ, బాధ్యత, సహనం మాకు ఆదర్శం. మీలాంటి వారి దగ్గర పనిచేయడం నా అదృష్టం.’

మనసులోంచి వచ్చినట్టే ఉంది కదా. పేరు మార్చి చూడండి, ఏ ఆఫీసులో ఏ సీనియరుకైనా సరిపోతుంది. క్రమశిక్షణ, బాధ్యత, సహనం అన్నవి మీరు చూసినవాటి మీద అంటించిన చీటీలు. సీసా ఇవ్వకుండా చీటీ ఇచ్చినట్టుంది. పొగడ్తంటే చిరాకుపడే మనుషులకు చిరాకు ఈ చీటీల మీదే. ‘సహనశీలి’ అంటే ఆయన ‘ఊరుకోరా’ అంటాడు. ‘ఆ రోజు నువ్విట్లా చేశావు’ అంటే కాదనడానికి ఏమీ ఉండదు, జరిగింది కాబట్టి.

మూడో ప్రయత్నంలో చాలామంది రెండో అంచుకు పోతారు. చేరిన రోజు నుంచి మొదలుపెట్టి, తుఫాను రాత్రి, మోటారు కాలిన రైతు, పంచుకున్న అన్నం క్యారేజీ, అన్నీ కలిపి రెండు పేజీలు. అది సన్మాన పత్రం అవుతుంది, రిటైర్మెంటు రోజున చదవాలి. పైగా ఐదు సంగతులు పెడితే ఏ ఒక్కటీ నిలవదు. ఒకటే పెట్టండి. మిగతా నాలుగూ ఆయన ముందు కూర్చున్నప్పుడు మాటల్లో వస్తాయి.

మీరు పంపాల్సింది ఇంచుమించు ఇలా ఉండొచ్చు:

‘అన్నా, ఎల్ఐ అయ్యావని తెలిసి చానా సంతోషంగా ఉంది. ఎల్‌సీ తిరిగిచ్చే ముందు మమ్మల్ని పేరుపేరునా పిలిచేవాడివి, చెరువులోళ్ల ఫోన్లు మోగతా ఉన్నా సరే. మొదట్లో ఏందబ్బా ఈ చాదస్తం అనుకున్నా. ఇప్పుడు నేనూ అందరూ పలికితే గానీ ఫోన్ తియ్యట్లా. జాయినయ్యే రోజు చెప్పు, వస్తా.’

నలభై మాటలు కూడా లేవు. మొదటి వాక్యం వార్త, దానికి అలంకారం అక్కర్లేదు. రెండోది చూసిన సంగతి, ఒత్తిడితో సహా. మూడోది మీ తప్పు ఒప్పుకోలు, అప్పట్లో విలువ తెలియలేదని. ఈ వాక్యం ఉండటం వల్ల మిగతాదంతా నమ్మబుద్ధి అవుతుంది, ముఖస్తుతి చేసేవాడు తన తెలివితక్కువతనం చెప్పుకోడు. నాలుగోది అసలైనది. ఆయన పని మీలో ఇంకా సాగుతోందని చెబుతుంది. ఇది నిజమైతేనే రాయండి. మీరు ఇంకా అలా పిలవడం లేదంటే ఆ వాక్యం తీసేసి, ‘నా పేరు పిలిచినప్పుడల్లా ధైర్యంగా ఉండేది’ లాంటిది ఏది నిజమో అది పెట్టండి. చివరిది దీవెన కాదు, చేసే పని. ‘వస్తా’ అన్నారు కాబట్టి వెళ్లాలి మరి.

ఈ సంగతిలో ఇంకో అందం కూడా ఉంది. లైన్ ఇన్‌స్పెక్టరు అంటే ఇక ముఖ్యంగా స్తంభం ఎక్కేవాళ్లను చూసుకునే పని. మీరు గుర్తుచేసిన అలవాటు కొత్త కుర్చీలో ఆయనకు ఇంకా ఎక్కువ అక్కరకొస్తుంది. దాన్ని మెసేజీలో రాయకండి, ఆయనకే తోస్తుంది. రెండు సంగతుల మధ్య ఊగిసలాడుతుంటే మాత్రం కొత్త పనిలోకి వెంట వెళ్లేదాన్ని ఎంచుకోండి. స్తంభం ఎంత చకచకా ఎక్కేవాడో రాస్తే అది పోయినదాన్ని తలచుకున్నట్టు ఉంటుంది.

నువ్వా మీరా అన్న సందేహం మీకూ వస్తుంది. నోటితో ఎట్లా పిలుస్తారో అట్లాగే రాయండి. రోజూ ‘అన్నా, నువ్వు’ అనే మనిషికి కాగితం మీద ‘మీరు, తమరు’ అంటే ఎవరో రాసిచ్చింది నకలు చేసినట్టుంటుంది. ఏఈ గారున్న గ్రూపులో ఆయన గౌరవం కోసం ‘మీరు’ సరే. అయితే ఈ మెసేజీ గ్రూపులో పెట్టేది కాదు. విడిగా పంపాలి.

విడిగానే ఎందుకంటే, నలుగురి ముందు పెట్టిన పొగడ్తలో చదివేవాళ్లందరూ వాటాదారులవుతారు. వెంటనే ఇంకో ఇద్దరు ‘అవునన్నా, నిజమన్నా’ అని పెడతారు, ఆ మాట మళ్లీ గుంపులో కలిసిపోతుంది. అంతకంటే పెద్ద చిక్కు ఒకటుంది, మీ శాఖలో మరీనూ. ధైర్యం గురించి రాయబోయి చాలామంది నియమం తప్పిన సంగతి రాస్తారు. ‘ఆ రాత్రి ఎల్‌సీ లేకుండానే ఎక్కి ఫ్యూజు వేశావు చూడన్నా’ అని ఒకడు ప్రేమతోనే రాస్తాడు. ఆ ముక్క స్క్రీన్‌షాట్ అయి పై వాళ్ల దగ్గరకు చేరితే అభినందన కాస్తా సంజాయిషీ నోటీసు అవుతుంది. గ్లోవ్స్ లేకుండా పని చేయడం, ఎవరికో మొహమాటానికి కనెక్షన్ కలపడం, ప్రమాదం తప్పించుకోవడం, ఇలాంటివి ఎంత గొప్పగా అనిపించినా రాతలో పెట్టకండి. మీ సంగతిలో నియమం పాటించడమే గొప్పతనం, ఎవరు చూసినా భయం లేదు. అయినా ఆయనకే పంపండి.

పోలిక కూడా తేకండి. ‘మిగతావాళ్లు ఎవరూ ఇట్లా పిలవరు’ అనే మాట నిజమే కావచ్చు. ఆ మిగతావాళ్లతోనే ఆయన రేపు పని చేయించుకోవాలి. మీ మెసేజీ ఆయన ఫోన్‌లో ఉంటుంది, ఫోను ఎవరి చేతిలోనైనా పడొచ్చు.

తేదీలు, ఊరిపేర్లు ఖాయంగా గుర్తుంటేనే రాయండి. మీ తీరంలో పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు లోపే కాబట్టి ‘ఆ కార్తీకం వానల్లో’ అంటే సరిపోతుంది. అల్లూరులో జరిగింది విడవలూరులో అని రాశారంటే ఆయన దృష్టంతా ఆ తప్పు మీదికే పోతుంది, చెప్పదలచింది పక్కకు పోతుంది. పక్కవాళ్లు చెప్పగా విన్నదైతే ‘పలానా అన్న చెప్పాడు’ అనండి. చూసినట్టు రాయకండి.

అన్నిటికంటే సులువుగా దీన్ని పాడుచేసే మాట ఇంకోటి ఉంది. చివర్లో ‘నన్ను కూడా మీ సెక్షన్‌కు వేయించుకో అన్నా’ అనడం. అది చదవగానే పైన రాసిందంతా ఆ కోరికకు ముందుమాటగా మారిపోతుంది. నిజంగా అడగాలనుంటే నెల ఆగి విడిగా అడగండి. ‘పార్టీ ఎప్పుడన్నా’ కూడా ఇక్కడ వద్దు. అది గ్రూపులో నలుగురితో కలిసి అడిగితేనే బాగుంటుంది.

ఎప్పుడు పంపాలంటే, ఆర్డరు వచ్చిన రోజు వద్దు. ఆ రోజు ఆయన ఫోన్‌లో వందలకొద్దీ పూలబొకేలు ఉంటాయి, మీ నలభై మాటలు వాటి కింద పడతాయి. గ్రూపులో మీ హాజరు ఇప్పటికే పడింది కాబట్టి తొందరేమీ లేదు. పాత సెక్షన్ నుంచి రిలీవ్ అయి కొత్త చోట జాయినయ్యే ముందు రోజు రాత్రి మంచి సమయం. హడావుడి సద్దుమణిగి ఉంటుంది. కొత్త ఊరు, కొత్త మనుషులు, తన మాట వింటారో లేదో అన్న దిగులు మొదలై ఉంటుంది. అప్పుడు చదివే మాట వేరుగా తగులుతుంది. వారం గడిచిపోయినా ‘ఆలస్యమైంది, క్షమించు’ అని మొదలుపెట్టకండి. అలా మొదలుపెడితే అది మీ గురించే అవుతుంది.

‘రాయడం రాదు’ అన్నారు. ఈ విషయం మీద 2018లో అమెరికాలో అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ అనే ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు ఒక అధ్యయనం వెలువరించారు. తమకు మేలు చేసినవాళ్లకు కృతజ్ఞతగా ఉత్తరం రాయమని కొందర్ని అడిగి, అందుకున్నవాళ్లకు ఎట్లా ఉంటుందని మీరు అనుకుంటున్నారు అని వాళ్లనే అంచనా వేయమన్నారు. తర్వాత అందుకున్నవాళ్లను విచారించారు. రాసినవాళ్లు అవతలివాళ్లకు ఇబ్బందిగా ఉంటుందని ఉన్నదానికంటే ఎక్కువ ఊహించుకున్నారు, వాళ్ల సంతోషాన్ని తక్కువ అంచనా వేశారు. రాసేవాళ్ల దిగులంతా మాటలు సరిగ్గా కుదిరాయా అని, చదివినవాళ్లు చూసింది ఆప్యాయతను. కాబట్టి ‘తియ్యట్లా’ అని రాయాలా ‘తీయడం లేదు’ అని రాయాలా అని తల పట్టుకోకండి. తెలుగు టైపు చేయడం మరీ కష్టమైతే ఇరవై సెకన్ల వాయిస్ మెసేజీ పెట్టండి. ముందు ఒకసారి బయటికి అనుకుని చూసుకోండి. లేకపోతే ‘అదేనన్నా... అంటే...’ అంటూ రెండు నిమిషాలు సాగుతుంది.

ఎదురుపడినప్పుడు చెబుదామనుకుంటే ఇంకా తేలిక. ‘నువ్వు పేర్లు పిలిచేది నేనూ మొదలుపెట్టానన్నా’ అని ఒక్క మాట అని, వెంటనే కొత్త సెక్షన్‌లో ఎన్ని ట్రాన్స్‌ఫార్మర్లు ఉన్నాయనో, క్వార్టరు దొరికిందా అనో అడిగేయండి. పొగడ్త ఇష్టపడనివాళ్లకు అది విన్నాక నిలబడటానికి ఒక చోటు కావాలి. మీరు మాట మార్చకపోతే ఆయనే మారుస్తాడు, ‘సర్లే, పని చూడు’ అంటాడు. అంటే అందినట్టే. మళ్లీ రెట్టించి చెప్పొద్దు.

చివరగా, మీరు అడగనిది ఒకటి. ఇంత దగ్గర కానివాళ్లకు ప్రమోషన్ వస్తే ఏం చెయ్యాలి? పక్క డివిజన్‌లో ఎవరికో వస్తుంది, ఆయన గురించి మీకేమీ తెలియదు. అప్పుడు లేని సంగతి తవ్వి తీయకండి, పుట్టించకండి. ‘సార్, ప్రమోషన్ సంగతి తెలిసింది, సంతోషం. ఏ సెక్షన్‌కు వేశారు?’ అంటే చాలు. శిఖరాలూ అధిరోహణలూ లేని ఆ చిన్న ప్రశ్న పూలబొకే కంటే నయం, కనీసం బదులు రాయడానికి ఆయనకు ఏదో ఒకటి దొరుకుతుంది.

మీ అన్న మాత్రం దండం బొమ్మతో సరిపెట్టడు. బహుశా ‘ఎన్నింటికి వస్తావు?’ అని పెడతాడు.